పదకొండు సున్నాలు, ఒక నూట ఏడు

పత్తి చేలల్లో తిరిగేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘పురుగు మందుకు అలవాటు పడిపోయింది.’ జ్వరం తగ్గక రెండోసారి డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లూ అదే అంటారు: ‘ఆ మాత్ర అలవాటైపోయిందండీ, ఇంకోటి రాయండి.’ మందు పనిచేయకపోవడం వరకూ ఆ మాట నిజమే. చిక్కంతా ‘అలవాటు’ దగ్గరే. అలవాటు అంటే ఒకే ప్రాణి మారడం. చిన్నప్పుడు కారం తినలేని పిల్లాడు రోజూ కాస్త కాస్త తింటూ పెద్దయ్యాక ఆవకాయ కలుపుకుంటాడు. బ్యాక్టీరియా కూడా అలాగే మందు రుచి చూసి, తట్టుకుని, గట్టిపడుతుందని మనం అనుకుంటాం.

1940ల మొదట్లో చాలామంది బ్యాక్టీరియా శాస్త్రవేత్తలు కూడా దాదాపు అలాగే అనుకున్నారు. అలా అనుకోవడానికి వాళ్లకు కారణం ఉంది. ఒక గాజు గొట్టంలో కోట్ల బ్యాక్టీరియాను పెంచి, వాటిని చంపే పదార్థం కలిపారనుకోండి. ద్రవమంతా తేటపడుతుంది. ఒకటి రెండు రోజులకు అదే గొట్టం మళ్లీ మసకబారుతుంది. ఇప్పుడు పెరిగినవాటిని ఆ పదార్థం ఏమీ చేయలేదు. మందు వేశాకే మొండివి కనిపించాయి కాబట్టి మందే వాటిని మొండిగా చేసిందని చెప్పడం ఎంతో సహజం.

రెండో వివరణకూ చోటుంది. ఆ కోట్లలో ఒకటో రెండో మందు పడకముందే మొండివై ఉండొచ్చు. కణం రెండుగా చీలేటప్పుడు తన జన్యువులకు నకలు తీసుకుంటుంది. ఆ నకలులో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. దానినే మ్యుటేషన్ అంటున్నాం. ఆ తప్పుకూ మందుకూ ఏ సంబంధమూ లేదు. మందు వచ్చి మిగతావాటిని తుడిచేశాక, అప్పటిదాకా గుంపులో కలిసిపోయి కనబడనిది ఒంటరిగా నిలబడి పిల్లలు పెట్టింది. మొదటి కథలో మందు గురువు. రెండో కథలో మందు జల్లెడ.

ఈ రెండింటినీ విడదీయడం ఎలా? చివరికి కంటికి కనిపించేది రెండు కథల్లోనూ ఒకటే: మందు వేశాక బతికిన కొన్ని కణాలు. ఫలానా కణం మందుకు ముందే మొండిదా అని తెలుసుకోవాలంటే దాని మీద మందు వేయాలి. వేశామా, ‘మీరు మందు వేశారు కాబట్టే మారింది’ అనే మాట తిరిగి వస్తుంది. పరీక్షించే పనే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

ఈ ముడిని విప్పినవాడు సాల్వడోర్ లూరియా. ఇటలీలోని టూరిన్‌లో పుట్టిన యూదు వైద్యుడు. ఫాసిస్టు చట్టాల వల్ల దేశం విడిచి, ఫ్రాన్స్ మీదుగా 1940లో అమెరికా చేరాడు. 1943 మొదట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో కొత్తగా పాఠాలు చెబుతున్నాడు. ఆయన చేతిలో ఉన్నది యాంటీబయాటిక్ కాదు, ఫేజ్. అంటే బ్యాక్టీరియాలో చొరబడి దాన్ని పగలగొట్టే వైరస్. ప్రశ్న మాత్రం అదే: ఫేజ్‌కు లొంగని ఇ.కోలై ఎక్కడి నుంచి వస్తోంది?

బ్లూమింగ్‌టన్ ఊళ్లో ఒక క్లబ్బులో అధ్యాపకుల విందు జరిగింది. అక్కడ తోటి అధ్యాపకుడొకరు స్లాట్ మెషీన్‌లో పది సెంట్ల నాణేలు ఒకదాని తర్వాత ఒకటి వేసి పోగొట్టుకుంటున్నారు. లూరియా పక్కన నిలబడి ఆయన్ని ఆటపట్టిస్తున్నాడు. ఇంతలో యంత్రం ఒక్కసారిగా మూడు డాలర్ల దాకా నాణేలు కుమ్మరించింది. ఆ మనిషి లూరియా వైపు కొరకొరా చూసి వెళ్లిపోయారు. లూరియా చూపు మాత్రం ఆ నాణేల మీదే నిలిచింది. ఆ యంత్రం ప్రతిసారీ కొంచెం కొంచెం ఇవ్వదు. వరుసగా సున్నా, సున్నా, సున్నా ఇచ్చి, ఎప్పుడో ఒకసారి గుట్టగా పోస్తుంది. సగటు చూస్తే ఈ సంగతి బయటపడదు. విడివిడిగా ఒక్కో ఆటలో ఎంత వచ్చిందో చూడాలి.

ఆ సంఘటనను దశాబ్దాల తర్వాత ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ రాత్రి ఆయనకు తట్టింది ఇది: మొండి బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా పట్టుకుని ‘నువ్వెప్పుడు మారావు?’ అని అడగనక్కర్లేదు. వేర్వేరు గొట్టాల్లో ఎన్నెన్ని మొండివి ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకెల మధ్య తేడా ఎంతుందో చూస్తే చాలు.

ప్రయోగం చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇరవై చిన్న గొట్టాల్లో తలా 0.2 మిల్లీలీటర్ల పోషక ద్రవం పోస్తారు. ఒక్కో దాంట్లో కొద్ది వందల ఇ.కోలై కణాలు మాత్రమే వేస్తారు. ఈ ‘కొద్ది’ ఎంతో ముఖ్యం. మొదటే లక్షల కణాలు వేస్తే వాటిలో పాత మొండివి కలిసి రావచ్చు. అప్పుడు ప్రతి గొట్టమూ పుట్టుకతోనే నిండి ఉంటుంది, ప్రయోగం అక్కడితో ముగుస్తుంది. ఆ కణాలు ఇరవై గొట్టాల్లో ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరిగి కోట్లవుతాయి. అప్పుడు ఒక్కో గొట్టంలోని ద్రవాన్ని ఒక్కో పళ్లెం మీద ఫేజ్‌తో కలిపి పరుస్తారు. పళ్లెంలో ఫేజ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి లొంగే కణం బతకదు. మొండి కణం ఉన్న చోట మర్నాటికి కంటికి కనిపించే చుక్క ఒకటి లేస్తుంది. దాన్ని కాలనీ అంటారు. ఒక చుక్క అంటే ఒక మొండి కణం. ఇక మిగిలింది చుక్కలు లెక్కపెట్టడమే.

లెక్కపెట్టేముందు రెండు కథలూ ఏం జోస్యం చెబుతాయో చూద్దాం. ఫేజ్ తగిలాకే కణం మారుతుందనుకుందాం. అప్పుడు పళ్లెం మీదికి వచ్చేదాకా కణాలన్నీ ఒకే రకం. కోట్ల కణాల్లో ప్రతిదానికీ ఒకే చిన్న అవకాశం. గొట్టాలన్నిట్లోనూ కణాల సంఖ్య దాదాపు ఒకటే కాబట్టి చుక్కల సంఖ్యా దగ్గర దగ్గరగానే రావాలి. వాన మొదలైనప్పుడు పక్కపక్కన పెట్టిన గిన్నెల్లో పడే చినుకుల్లాగా అన్నమాట. ఒకదాంట్లో ఎనిమిది పడొచ్చు, ఇంకోదాంట్లో పద్నాలుగు. ఒకటి ఖాళీగా ఉండి, పక్కదాంట్లో వంద పడవు.

మార్పు ముందే జరిగితే కథ వేరు. గొట్టంలో పెరుగుదల ఒక వంశవృక్షం. 200 కణాలతో మొదలైతే ఇరవై సార్లు రెట్టింపు అయ్యేసరికి 20 కోట్లు దాటుతాయి. నకలులో తప్పు ఆ వంశంలో ఎప్పుడైనా పడొచ్చు. చిట్టచివరి చీలికలో పడితే చివరికి మిగిలేది ఒక్క మొండి కణం. అంతకు అయిదు రెట్టింపుల ముందే పడితే దాని సంతానం 32. పది రెట్టింపుల ముందు పడితే వెయ్యికి పైనే. ఒకే తప్పు, ఒక్కసారే జరిగింది. ఎప్పుడు జరిగిందనే దాన్ని బట్టి ఒకటో, వెయ్యో. చీలికల్లో సగం చివరి రెట్టింపులోనే జరుగుతాయి కాబట్టి ఆలస్యపు తప్పులే ఎక్కువ. అవి చిన్న అంకెలిస్తాయి. ముందు తరాల్లో కణాలు తక్కువ కాబట్టి అప్పుడు తప్పు పడటం అరుదు. పడిందా, గుట్టలే. ఇంకొన్ని గొట్టాల్లో అసలు ఏ తప్పూ పడకపోవచ్చు. స్లాట్ మెషీన్ లెక్కే ఇది.

ఇరవై గొట్టాల ప్రయోగంలో వచ్చిన అంకెలు వరుసగా ఇవి: 1, 0, 3, 0, 0, 5, 0, 5, 0, 6, 107, 0, 0, 0, 1, 0, 0, 64, 0, 35.

ఈ వరుసను తీరిగ్గా చదవాలి. సగటు పదకొండు పైచిలుకు. కానీ పదకొండుకు దగ్గర్లో ఉన్న గొట్టం ఒక్కటీ లేదు. చినుకుల కథే నిజమైతే దాదాపు అన్ని పళ్లేలూ అయిదుకూ పద్దెనిమిదికీ మధ్య ఉండాలి. ఆ సగటుతో ఒక్క పళ్లెం సున్నాగా రావాలన్నా సుమారు 85 వేల పళ్లేల్లో ఒకటి అలా వస్తుంది. ఇక్కడ ఇరవైలో పదకొండు సున్నాలు. ఆ పదకొండు పళ్లేల మీదా అదే ఫేజ్, అంతే ఫేజ్, అన్ని కోట్ల కణాలు. ఫేజ్‌కు నేర్పే శక్తి ఉంటే అక్కడ ఎందుకు నేర్పలేదు?

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం దీని పక్కనే ఉన్న సాదా ప్రయోగం. అనుమానించేవాడు ఇలా అనొచ్చు: మీ చేతిపనిలోనే తేడాలున్నాయేమో, ఒక పళ్లెంలో ద్రవం ఎక్కువ పడిందేమో, ఒకదాంట్లో ఫేజ్ తగ్గిందేమో. అందుకని వాళ్లు ఒకే గొట్టంలో పెరిగిన కణాలను పది భాగాలు చేసి పది పళ్లేల మీద పరిచారు. వచ్చిన అంకెలు: 14, 15, 13, 21, 15, 14, 26, 16, 20, 13. అన్నీ ఒకే ఊరివాళ్లలా ఉన్నాయి. అచ్చం చినుకుల తీరు. అదే చేయి, అదే ఫేజ్, అవే పళ్లేలు. కాబట్టి ఆ విపరీతపు హెచ్చుతగ్గులు పళ్లెం మీద పుట్టినవి కావు. అవి గొట్టాల్లో, ఫేజ్ రాకముందే, ఒక్కో గొట్టపు సొంత చరిత్రలో పుట్టాయి.

లూరియా ఈ ఆలోచనను నాష్‌విల్‌లో ఉన్న స్నేహితుడు మాక్స్ డెల్‌బ్రూక్‌కు ఉత్తరం రాశాడు. ఆయన జర్మనీ నుంచి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త. గణితం ఆయన పూర్తిచేశాడు. ఇద్దరి పేర్లతో 1943లోనే ‘జెనెటిక్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. 1969లో ఆల్‌ఫ్రెడ్ హెర్షీతో కలిసి ఇద్దరూ నోబెల్ అందుకున్నారు. హెచ్చుతగ్గులే సాక్ష్యం కాబట్టి ఈ పద్ధతికి ఫ్లక్చుయేషన్ టెస్ట్ అని పేరు నిలిచింది.

ఆ గణితంలో ఒక ముక్క మాత్రం చెప్పుకోవాలి. చుక్కల సగటు మనల్ని మోసం చేస్తుంది. ఒక్క గుట్ట పడితే అమాంతం పెరుగుతుంది. సున్నాలు మోసం చేయవు. గొట్టంలో తప్పు ముందు తరంలో పడిందా, ఆఖర్న పడిందా అనేది సున్నాకు పట్టదు. అసలు పడలేదు, అంతే. లూరియా, డెల్‌బ్రూక్‌లు ఇంకో ప్రయోగంలో 87 గొట్టాలు పెట్టారు. ఒక్కోదాంట్లో సుమారు 24 కోట్ల కణాలు. 29 గొట్టాల్లో సున్నా వచ్చింది, అంటే సరిగ్గా మూడో వంతు. వంద కుండీల్లోకి కళ్లు మూసుకుని 110 గింజలు చల్లితే దాదాపు మూడో వంతు కుండీల్లో ఒక్క గింజా పడదు. ఆ లెక్కను వెనక్కి తిప్పితే, ఒక్కో గొట్టంలో జరిగిన తప్పులు సగటున 1.1 మాత్రమే. 24 కోట్ల కణాలు తయారయ్యేందుకు జరిగిన చీలికల్లో ఒకటి, ఒకటీ పాతిక. అంటే సుమారు 22 కోట్ల చీలికలకు ఒక తప్పు. కానీ ఆ గొట్టాల్లో మొండి కణాల సగటు 28 దాటింది. జరిగిన తప్పు ఒకటి, మిగిలిన సంతానం 28. ఈ రెండు అంకెలకూ తేడా గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే క్షయ సంగతి సులువుగా అర్థమవుతుంది.

ఫేజ్ మాట సరే, యాంటీబయాటిక్ సంగతేమిటి? 1945లో మిలిస్లావ్ డెమెరెక్ ఇదే పరీక్షను గడ్డలు, చీము కలిగించే స్టెఫిలోకాకస్ మీద పెన్సిలిన్‌తో చేశాడు. గొట్టానికీ గొట్టానికీ అవే హెచ్చుతగ్గులు కనిపించాయి. అయినా కొందరికి గణితం మీద నమ్మకం కుదరలేదు. వాళ్లకు కంటితో చూపించినవాళ్లు ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు. 1952లో వాళ్లు వాడిన పరికరం మఖమల్ గుడ్డ. మందు లేని పళ్లెంలో కణాలను దట్టంగా పెంచి, గుండ్రటి దిమ్మకు బిగించిన మఖమల్ మీద ఆ పళ్లేన్ని నొక్కారు. గుడ్డ నూగుకు ప్రతి చోటి నుంచీ కొన్ని కణాలు అంటుకుంటాయి. ఆ గుడ్డ మీద స్ట్రెప్టోమైసిన్ ఉన్న పళ్లేలను ఒకదాని తర్వాత ఒకటి అద్దారు. రబ్బరు ముద్ర వేసినట్టే. మొండి చుక్కలు అన్ని పళ్లేల్లోనూ ఒకే చోట లేచాయి. అప్పుడు మందు ఎరగని మొదటి పళ్లెంలో సరిగ్గా అదే చోటి నుంచి కణాలు తీసి, పెంచి, మళ్లీ అద్ది, మళ్లీ తీశారు. అలా కొన్ని విడతలు చేసేసరికి స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని వంశం చేతికొచ్చింది. ఆ వంశంలో ఏ తరమూ ఎన్నడూ స్ట్రెప్టోమైసిన్ ముఖం చూడలేదు.

ఇక్కడ ఈ పరీక్షల హద్దు కూడా చెప్పాలి. ఫేజ్ లొంగే కణాన్ని నిమిషాల్లో చంపేస్తుంది, మారడానికి వ్యవధి ఇవ్వదు. అందుకే ఆ పరీక్ష అంత స్పష్టంగా తేలింది. చంపకుండా ఆకలితో ఆపి ఉంచే పరిస్థితిలో కణాలు రోజుల తరబడి బతికే ఉంటాయి, అప్పుడూ తప్పులు పడతాయి. 1988లో జాన్ కెయిర్న్స్ బృందం అలాంటి ఇ.కోలై తనకు కావలసిన మార్పునే ఎంచుకుంటోందేమో అని రాసి పెద్ద చర్చ లేపింది. తర్వాతి పరిశోధనల్లో ఆ కణాల్లో అవసరం లేని జన్యువుల్లోనూ తప్పులు పెరిగినట్టు తేలింది. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి మందులు డీఎన్‌ఏను దెబ్బతీసి, మరమ్మతు హడావుడిలో నకలు తప్పులను పెంచుతాయని కూడా ఇప్పుడు తెలుసు. అంటే మందు కొన్నిసార్లు పాచికలు ఎక్కువసార్లు వేయిస్తుంది. ఏ పందెం పడాలో మాత్రం చెప్పదు. మరో సంగతి, మొండితనమంతా మ్యుటేషనే కాదు. చాలా బ్యాక్టీరియా మందును విరిచే జన్యువులను ప్లాస్మిడ్ల ద్వారా పక్క బ్యాక్టీరియా నుంచి అందుకుంటుంది. క్షయ క్రిమికి ఆ దారి లేదు. దాని మొండితనం దాదాపుగా తన నకలు తప్పుల నుంచే వస్తుంది. అందుకే లూరియా లెక్క మనిషి ఒంట్లో ఎలా పనిచేస్తుందో క్షయలో చూసినంత తేటగా మరెక్కడా కనిపించదు.

1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మందు పొందినవాళ్లు 55 మంది, కేవలం పడక విశ్రాంతి మీద ఉన్నవాళ్లు 52 మంది. ఆరు నెలల్లో మందు పొందినవాళ్లలో నలుగురు, రెండో గుంపులో 14 మంది చనిపోయారు. మందు పనిచేసింది. కానీ మొదట కోలుకున్న చాలామందికి కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది. పరీక్షించిన 41 మందిలో 35 మంది కఫంలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్రిములు దొరికాయి. ‘అలవాటు’ మాటతో ఈ అంకెలు చూస్తే ఒంటికి మందు మరిగిపోయిందనిపిస్తుంది. లూరియా గొట్టంతో చూస్తే, ఊపిరితిత్తిలో పడిన పుండే ఒక పెద్ద గొట్టం.

అలాంటి పుండు ఒకదాంట్లో పది కోట్ల క్రిములుంటాయనుకుందాం. అది అసాధారణమేమీ కాదు. ఐసోనియజిడ్‌కు లొంగనివి సుమారు పది లక్షల్లో ఒకటి ఉంటాయని వైద్యుల అంచనా. రిఫాంపిసిన్‌కు లొంగనివి సుమారు పది కోట్లలో ఒకటి. రోగి మొదటి మాత్ర మింగకముందే ఆ పుండులో ఐసోనియజిడ్‌కు లొంగనివి వంద దాకా, రిఫాంపిసిన్‌కు లొంగనిది ఒకటి ఉంటాయన్నమాట. ఐసోనియజిడ్ ఒక్కటే ఇస్తే పది కోట్లలో దాదాపు అన్నీ చస్తాయి, రోగికి ఆకలి పుడుతుంది, జ్వరం పోతుంది. ఆ వంద మాత్రం ఖాళీ అయిన చోటంతా తమదే అన్నట్టు పెరుగుతాయి. రెండు మందులూ కలిపి ఇస్తే? ఈ రెండు తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అవి ఎవరూ నేర్పితే వచ్చినవి కావు గనక రెండూ ఒకే కణంలో పడే అవకాశం రెండింటి గుణకారం. అది కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు ఏ ఊపిరితిత్తిలోనూ ఉండవు. ఐసోనియజిడ్‌ను తప్పించుకున్న ఆ వందను రిఫాంపిసిన్ చంపుతుంది, రిఫాంపిసిన్‌ను తప్పించుకున్న ఆ ఒక్కదాన్ని ఐసోనియజిడ్ చంపుతుంది.

మన ఊళ్లలో టీబీ రోగికి మొదటి రెండు నెలలు ఇచ్చే మాత్రలో ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ కలిసే ఉంటాయి. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మూడు. కలిపి చేయడంలో ఒక లాభం, రోగి తనకు పడని ఒకదాన్ని పక్కనబెట్టి మిగతావి మింగే వీలు లేకపోవడం. ఒక మందు మానేసిన రోజుల్లో దానికి మాత్రమే లొంగే క్రిములకు దారి తెరుచుకుంటుంది.

చికిత్స పొందుతున్న రోగి బాగుపడనప్పుడు చాలా సహజంగా తోచే పని ఒకటుంది: పాతవాటికి ఒక కొత్త మందు జోడించి చూద్దామని. క్షయ వైద్యంలో అది చేయకూడని పని. పాత మందులు పనిచేయడం లేదంటే పుండులో ఇప్పుడున్న కోట్లన్నీ వాటిని తట్టుకున్న వంశమే. కొత్తది వాటి మీద ఒంటరిగా పోరాడుతుంది. ఆ కోట్లలో దానికి లొంగని కొన్ని, అది రోగి చేతికి రాకముందే, ఏదో ఒక చీలికలో పడిన నకలు తప్పుతో అప్పటికే పుట్టి ఉంటాయి. అందుకే కఫాన్ని మళ్లీ పరీక్షకు పంపి, ఏ మందులకు లొంగుతుందో తేల్చుకుని, క్రిమికి కొత్తవైన మందులు కొన్నిటిని ఒకే రోజు, కలిపి మొదలుపెడతారు.